ట్రైనింగుకు వెళ్లొచ్చాక రాసే నివేదిక

సంస్థ తన ఖర్చుతో ఒక ఉద్యోగిని సదస్సుకో, శిక్షణకో పంపినప్పుడు, తిరిగి వచ్చాక అతను యాజమాన్యానికి రాసి ఇచ్చేదే పర్యటన నివేదిక. ఆఫీసుల్లో దీన్ని టూర్ రిపోర్టు అంటారు. అక్కడ ఏం నేర్చుకున్నాడు, ఎంత ఖర్చయింది, ఇక్కడ ఏం చేయమంటున్నాడు అనే మూడు సంగతులు అందులో ఉంటాయి. టీఏ బిల్లు వేరు, ఇది వేరు. టీఏ బిల్లు డబ్బు లెక్క తేల్చుకోవడానికి. అకౌంట్స్ వాళ్లు పాస్ చేస్తే దాని పని అయిపోయినట్టే. టూర్ రిపోర్టు పని మాత్రం అది చదివిన అధికారి ఏదో ఒక నిర్ణయం తీసుకున్నప్పుడే పూర్తవుతుంది.

ఆఫీసు ఫైళ్లలో కనిపించే నివేదికల్లో చాలావరకు కార్యక్రమ పట్టికను తిరగరాసినవే. మొదటిరోజు పది గంటలకు జ్యోతి ప్రజ్వలన, తర్వాత ఫలానా నిపుణుడి ఉపన్యాసం, మధ్యాహ్నం మరొకరిది, చివర సర్టిఫికెట్ల పంపిణీ, ఎంతో ఉపయోగకరంగా ఉందన్న మాట, పంపినందుకు కృతజ్ఞతలు. ఇది చదివిన జనరల్ మేనేజర్ సంతకం పెట్టి పక్కన పెట్టడం తప్ప చేయగలిగిందేమీ ఉండదు. శిక్షణల ఫలితాన్ని ఎలా కొలవాలన్న విషయంపై అమెరికాకు చెందిన డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో నాలుగు మెట్లు చెప్పాడు. శిక్షణ నచ్చిందా అన్నది మొదటిది, ఏమైనా నేర్చుకున్నారా అన్నది రెండోది, తిరిగొచ్చాక పని చేసే తీరు మారిందా అన్నది మూడోది, దానివల్ల సంస్థకు ఫలితం కనిపించిందా అన్నది నాలుగోది. పట్టికను తిరగరాసిన నివేదిక మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతుంది. డబ్బు పెట్టిన యజమానికి కావలసింది మూడు, నాలుగు మెట్లు.

అక్కడిదాకా నివేదికను ఎలా తీసుకుపోవచ్చో ఒక ఉదాహరణతో చూడవచ్చు. గుంటూరు జిల్లాలో ఒక స్పిన్నింగ్ మిల్లు ఉందనుకుందాం. దాని మెయింటెనెన్స్ ఇంజనీరును ఆగస్టు మొదటి వారంలో కోయంబత్తూరులో మూడు రోజుల శిక్షణకు పంపారు. జౌళి మిల్లుల పరిశోధన సంస్థ సిట్రా 1956 నుంచి పనిచేస్తున్న ఊరు అది. నూలు మిల్లుల్లో పనిచేసేవాళ్లకు కొత్త కాదు. శిక్షణ విషయం కంప్రెస్డ్ ఎయిర్, అంటే కంప్రెసరుతో ఒత్తిడి పెంచి పైపుల్లో పంపే గాలిలో కరెంటు ఆదా. మిల్లు, ఇంజనీరు, రూపాయల అంకెలు ఉదాహరణ కోసం అనుకున్నవి. కొలిచే పద్ధతులు మాత్రం పరిశ్రమల్లో నిజంగా వాడేవి.

రాయడం ఎప్పుడు, ఎక్కడినుంచి మొదలుపెట్టాలి

ఈ నివేదిక రాయడం తిరుగు రైల్లోనే మొదలవ్వాలి. క్లాసులో రాసుకున్న నోట్సులో సగం మాటలు వారం తర్వాత రాసినవాడికే అర్థం కావు. "7.5 నుంచి 6.5, స్ప్లైసర్ చూడాలి" అని రాసుకున్న ముక్క వెనుక ఉన్న కారణం రెండో రోజుకు గుర్తుంటుంది, పదో రోజుకు ఉండదు. అందుకే చాలా సంస్థలు తిరిగొచ్చిన వారంలోపు నివేదిక అడుగుతాయి. ఆ గడువు న్యాయమైనదే.

అయితే వారంలోపు ఇవ్వగలిగింది సగం నివేదికే. విన్నది అప్పుడే రాయవచ్చు. విన్నది తన మిల్లుకు ఎంతవరకు వర్తిస్తుందో తేల్చాలంటే ఒకసారి కొలిచి చూడాలి, దానికి ఇంకొన్ని రోజులు పడుతుంది. అందువల్ల మొదట రెండు పేజీల నివేదిక, కొలిచాక ఒక పేజీ అనుబంధం ఇవ్వడం మేలైన పద్ధతి. మన ఇంజనీరు ఆగస్టు రెండో వారంలో మొదటిది ఇచ్చాడు. అందులో యాజమాన్యాన్ని అడిగింది ఒక్కటే. ఆగస్టు 15న మిల్లుకు సెలవు కాబట్టి ఆ రోజు ఇద్దరు ఫిట్టర్లను, ఒక ఎలక్ట్రీషియన్‌ను రెండు గంటలు ఇస్తే లీకుల పరీక్ష చేస్తానన్నాడు. దానికి ఓవర్‌టైం తప్ప వేరే ఖర్చు లేదు. కొలవకముందే లక్షల ఖర్చు అడగలేదు కాబట్టి అనుమతి ఒక్కరోజులో వచ్చింది.

పేజీ మీద మొదట కనిపించాల్సింది కూడా ఇదే, అంటే చదివేవాళ్లు తీసుకోవాల్సిన నిర్ణయం. తేదీలు, స్థలం, శిక్షణ ఇచ్చినవాళ్ల పేర్లు రెండు వరుసల్లో సరిపోతాయి. వాటి కింద నాలుగైదు వాక్యాల్లో ఏం తెలిసింది, ఏం అడుగుతున్నాం, ఎంతవుతుంది, ఎప్పటికి తిరిగొస్తుంది అన్నది రావాలి. జనరల్ మేనేజర్ ఆ పేరా చదివి నిర్ణయం తీసుకోగలగాలి. మిగిలిన పేజీలు ఆ నిర్ణయాన్ని సరిచూసుకోవాలనుకునేవాళ్లకోసం. క్లాసులో ఇచ్చిన స్లైడులు, పుస్తకం నివేదికలోకి రానక్కర్లేదు. అవి ఎవరి దగ్గర ఉన్నాయో చెబితే చాలు.

నేర్చుకున్నది: మూడే ముక్కలు

మూడు రోజుల్లో పదిహేను క్లాసులు జరిగినా, మిల్లుకు పనికొచ్చే కొత్త సంగతులు మూడు నాలుగుకు మించవు. మిగతావి ముందే తెలిసినవో, తమ దగ్గర లేని యంత్రాలకు సంబంధించినవో అయివుంటాయి. మంచి నివేదిక ఆ మూడింటినే తీసుకుంటుంది. ఒక్కో సంగతి పక్కన "మన దగ్గర ఇప్పుడు ఎలా ఉంది" అన్నది రాస్తుంది. ఆ రెండో మాట లేకపోతే అది పాఠం నోట్సు అవుతుందిగాని నివేదిక కాదు.

మన ఇంజనీరు మొదట రాసింది, కంప్రెస్డ్ ఎయిర్ చాలా ఖరీదైన శక్తి అన్నది. కంప్రెసరు తినే కరెంటులో ఎక్కువ భాగం వేడిగా పోతుంది. గాలి వాడే చోట పనిగా మారేది పది నుంచి ముప్పై శాతమే. అందుకే 7 బార్ ఒత్తిడి ఉన్న పైపుకు 3 మిల్లీమీటర్ల రంధ్రం పడితే, దానికోసమే కంప్రెసరు మూడు నాలుగు కిలోవాట్లు తింటూ ఉంటుంది. అగ్గిపుల్ల దూరేంత రంధ్రం అది. మన దగ్గర ఎలా ఉందంటే, ఆటోకోనర్ యంత్రాల వెనుక గాలి గొట్టాలు ఎన్నాళ్లుగానో మార్చలేదు. నాలుగు చోట్ల ప్లాస్టిక్ టేపు చుట్టి నడిపిస్తున్నారు. షెడ్డులో స్పిండిళ్ల హోరుకు లీకు చప్పుడు ఎవరికీ వినపడదు.

రెండోది, ఒత్తిడి గురించి. కంప్రెసరు ఒత్తిడిని ఒక బార్ తగ్గిస్తే అది తినే కరెంటు సుమారు ఆరేడు శాతం తగ్గుతుంది. మన దగ్గర 7.5 బార్ పెట్టారు. ఎందుకు అంత పెట్టారో ఎవరికీ తెలియదు. ఏ యంత్రం దగ్గరో ఒకప్పుడు గాలి చాలక పెంచి ఉంటారు.

మూడోది లీకులను కొలిచే పద్ధతి. ఇది కొత్త పద్ధతేమీ కాదు. 2001 నాటి ఇంధన సంరక్షణ చట్టం కింద ఏర్పడ్డ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ, ఎనర్జీ ఆడిటర్ల పరీక్ష కోసం వేసిన పుస్తకాల్లోనూ ఉంది. కావలసిన పరికరాలు ఒక గడియారం, ఒక కాగితం. పద్ధతి ఇంత సులువు కాబట్టే నివేదికలో దీనికి ఎక్కువ చోటు దక్కింది.

ఆగస్టు 15 ఉదయం

మిల్లు ఆగి ఉన్నప్పుడు గాలి వాడే యంత్రం ఒక్కటీ నడవదు. అయినా కంప్రెసరును ఆన్ చేస్తే అది పైపుల్లో ఒత్తిడి నింపి, పై పరిమితి చేరగానే అన్‌లోడ్ అవుతుంది, అంటే మోటారు తిరుగుతూనే గాలి నింపడం ఆపుతుంది. లీకులే లేకపోతే అలాగే ఉండిపోవాలి. లీకులుంటే ఒత్తిడి మెల్లగా పడిపోతుంది, కింది పరిమితికి రాగానే కంప్రెసరు మళ్లీ లోడ్ అవుతుంది. లోడ్‌లో ఉన్న సమయం ఎంత, అన్‌లోడ్‌లో ఉన్న సమయం ఎంత అని రాసుకుంటే చాలు. లోడ్ సమయాన్ని రెండింటి మొత్తంతో భాగించి వందతో గుణిస్తే, కంప్రెసరు సామర్థ్యంలో ఎంత శాతం లీకులకే పోతోందో తెలుస్తుంది.

జెండా వందనం అయ్యాక ఫిట్టర్లు ఇద్దరూ కంప్రెసరు గదిలోకి వచ్చారు. ఒకరు ఫోనులో స్టాప్‌వాచ్ పట్టుకుంటే, ఇంకొకరు పలక మీద లోడ్ దీపం చూసి "లోడైంది సార్", "వదిలింది సార్" అని చెప్పారు. ఇంజనీరు అంకెలు రాసుకున్నాడు. ఒకసారి చూసిన అంకెను నమ్మకూడదని శిక్షణలో చెప్పారు కాబట్టి పది చక్రాలు లెక్కపెట్టారు. సగటున లోడ్ 45 సెకన్లు, అన్‌లోడ్ 105 సెకన్లు వచ్చింది. 150 సెకన్లలో 45 అంటే 30 శాతం. ఆ కంప్రెసరు నిమిషానికి 9.3 క్యూబిక్ మీటర్ల గాలి ఇస్తుంది. అందులో 2.8 క్యూబిక్ మీటర్లు ఏ పనీ చేయకుండానే బయటికి పోతోందన్నమాట.

ఈ పరీక్షలో జరిగే పొరపాటు ఒకటుంది. యంత్రాలు ఆగి ఉన్నాయి కదా అని ఎవరో జాగ్రత్తకొద్దీ ఒక్కో యంత్రం దగ్గరి వాల్వు కట్టేస్తారు. అప్పుడు యంత్రం లోపలి గొట్టాల్లో, సిలిండర్లలో ఉన్న లీకులు లెక్కలోకి రావు, మెయిన్ పైపులవే వస్తాయి. అంకె చాలా మంచిగా కనబడుతుంది. నిజానికి లీకుల్లో ఎక్కువభాగం యంత్రాల దగ్గరి గొట్టాలు, జాయింట్లలోనే ఉంటాయి. ఇక్కడ మొదటి రెండు చక్రాలకు లీకు 12 శాతమే వచ్చేసరికి ఇంజనీరుకు అనుమానం వచ్చింది. షెడ్డులోకి వెళ్లి చూస్తే ఒక వరుస వాల్వులు మూసి ఉన్నాయి. వాటిని తెరిపించి మళ్లీ మొదలుపెట్టారు. ఈ సంగతిని అనుబంధంలో దాచకుండా రాశాడు. అక్టోబరులో వేరేవాళ్లు ఇదే పరీక్ష చేసినప్పుడు అదే తప్పు జరగకుండా ఉండటానికి అది పనికొచ్చింది.

రూపాయల్లోకి మార్చేటప్పుడు

నివేదికల్లో ఎక్కువ తప్పులు దొర్లేది ఇక్కడే. లీకులు సున్నా కావు, ఎంత బాగా చూసుకున్నా పది శాతం దాకా ఉంటాయి. కాబట్టి 30 నుంచి 10కి తగ్గించడమే లక్ష్యంగా పెట్టుకున్నాడు, అంటే 20 శాతం. కంప్రెసరు లోడ్‌లో 60 కిలోవాట్లు తీసుకుంటోంది. క్లాసులో చెప్పిన తేలిక లెక్క ప్రకారం 60లో 20 శాతం 12 కిలోవాట్లు. మిల్లు ఏడాదికి 350 రోజులు, రోజంతా నడుస్తుంది కాబట్టి 8,400 గంటలు. అంటే లక్ష యూనిట్ల పైన. యూనిట్ ఏడు రూపాయల చొప్పున ఏడాదికి రూ.7.05 లక్షలు ఆదా.

ఈ అంకె చూడటానికి బాగుంటుంది గాని ఈ మిల్లుకు నిజం కాదు. లీకు తగ్గితే కంప్రెసరు ఆగిపోదు, అన్‌లోడ్‌లో తిరుగుతుంది. అన్‌లోడ్‌లో కూడా కరెంటు తింటుంది. ఎలక్ట్రీషియన్ క్లాంప్ మీటరు పెట్టి చూస్తే అది 20 కిలోవాట్లని తేలింది. అంటే లోడ్ నుంచి అన్‌లోడ్‌కు మారినందువల్ల మిగిలేది 60 కాదు, 40 కిలోవాట్లే. అందులో 20 శాతం 8 కిలోవాట్లు. ఏడాదికి 67,200 యూనిట్లు, రూ.4.70 లక్షలు. ఇంజనీరు రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి, తాను నమ్ముతున్నది రెండోదని, కారణం ఇదని రాశాడు. రూ.7 లక్షలు రాసి ఉంటే సంతకం ఇంకా తొందరగా పడేదేమో. కానీ ఆరునెలల తర్వాత కరెంటు బిల్లులో ఆ తగ్గుదల కనిపించదు. అప్పుడు లీకులు మాన్పడమే పనికిరాని పనని మిల్లులో ముద్ర పడిపోతుంది. మరుసటి ఏడు ట్రైనింగుకు వెళ్లాలనుకునేవాడి అర్జీ మీదా ఆ ప్రభావం పడుతుంది.

ప్రయాణం ఖర్చు

శిక్షణ రుసుము రూ.12,000, దానిపై 18 శాతం జీఎస్టీతో రూ.14,160. ఇది మిల్లు నేరుగా బ్యాంకు ద్వారా కట్టింది. విజయవాడ నుంచి కోయంబత్తూరుకు రానుపోను థర్డ్ ఏసీ రూ.2,900. హోటల్ గది మూడు రాత్రులకు రోజుకు రూ.2,200, పన్నుతో కలిపి రూ.6,930. భోజనం ఐదు రోజులకు రూ.2,500. ఆటోలు, గుంటూరు నుంచి విజయవాడ బస్సు కలిపి రూ.1,100. మొత్తం రూ.27,590. ఇందులో ఇంజనీరు చేతిమీదుగా ఖర్చయింది రూ.13,430. అడ్వాన్సు రూ.15,000 తీసుకున్నాడు, మిగిలిన రూ.1,570 తిరిగి కట్టి రశీదు జతచేశాడు.

నివేదికల్లో సాధారణంగా రాయనిది ఇంకొక ఖర్చుంది. ఐదు రోజులు అతను మిల్లులో లేడు, జీతం మాత్రం నడిచింది. నెలకు రూ.45,000 జీతమైతే, 26 పనిరోజుల లెక్కన ఐదు రోజులకు సుమారు రూ.8,650. అది కలిపితే ఈ శిక్షణ మిల్లుకు పడ్డ ఖరీదు రూ.36,240. ఈ అంకె రాయడానికి మొహమాటపడనక్కర్లేదు. యజమాని మనసులో ఎలాగూ ఉండే లెక్కే అది. కాగితం మీద ఉంటే దాని పక్కనే ఆదా అంకె కూడా ఉంటుంది.

బిల్లుల విషయంలో పన్ను తేడా ఒకటి తెలిసి ఉండటం మంచిది. శిక్షణ సంస్థ ఇచ్చే బిల్లు మీద మిల్లు పేరు, మిల్లు జీఎస్టీ నంబరు ఉంటే, కట్టిన రూ.2,160 పన్నును మిల్లు ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవచ్చు. బిల్లు ఉద్యోగి సొంతపేరు మీద ఉంటే ఆ డబ్బు పోయినట్టే. ఇది రిజిస్ట్రేషన్ ఫారం నింపేటప్పుడే చూసుకోవాలి, తర్వాత మార్పించడం తలనొప్పి. హోటల్ సంగతి వేరు. రోజుకు రూ.7,500 దాటని గదులపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతమే, కానీ హోటల్‌కు ఇన్‌పుట్ క్రెడిట్ లేని రేటు అది. పైగా హోటల్ వేసే పన్ను ఆ రాష్ట్రానికి చెందింది. తమిళనాడు పన్నును ఆంధ్రప్రదేశ్‌లో నమోదైన మిల్లు క్రెడిట్‌గా తీసుకోవడం కుదరదు. కాబట్టి హోటల్ పన్నును ఖర్చులోనే చూపాలి.

ఆటోలకు, టిఫిను హోటళ్లకు బిల్లులుండవు. వాటికి తేదీ, ఎక్కడినుంచి ఎక్కడికి, ఎంత అని ఓచరు రాసి సంతకం పెడితే చాలు. అంకె మాత్రం నిజమైనదై ఉండాలి. మధ్యలో ఒకరోజు సొంత పని మీద ఆగితే, ఆ రోజు గదిఖర్చు తనదేనని నివేదికలోనే రాయాలి. ప్రభుత్వ శాఖల్లో గడువు కూడా కఠినం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు పర్యటన ముగిసిన 60 రోజుల్లో టీఏ బిల్లు పెట్టకపోతే ఆ హక్కు పోతుందని 2018లో నిబంధన మార్చారు. అంతకుముందు ఏడాది గడువుండేది. ప్రైవేటు సంస్థల్లో ఎవరి నియమాలు వాళ్లవి.

యాజమాన్యానికి సిఫారసులు

సిఫారసు అన్నది అవునో కాదో చెప్పగలిగేలా ఉండాలి. "లీకుల నివారణపై దృష్టి పెట్టాలి" అన్నదానికి ఎవరూ కాదనరు, ఎవరూ ఏమీ చేయరు. ఎవరు చేయాలి, ఎంతవుతుంది, ఎప్పటికి, అయిందని ఎలా తెలుస్తుంది అన్న నాలుగూ ఉంటేనే అది సిఫారసు.

అనుబంధంలో మొదటిది లీకుల మరమ్మతు. చెవికి వినపడని లీకు చప్పుడును పట్టే అల్ట్రాసానిక్ పరికరాన్ని కొనమనలేదు. రెండు రోజులు అద్దెకు తెస్తే రూ.12,000. పట్టుకున్న ప్రతి లీకుకూ నంబరు రాసిన ఎర్ర ట్యాగు కట్టాలి. గొట్టాలు, జాయింట్లు, బాల్ వాల్వులకు రూ.78,000, ఫిట్టర్ల ఓవర్‌టైముకు రూ.10,000. మొత్తం లక్ష రూపాయలు. ఏడాదికి రూ.4.70 లక్షల ఆదాతో చూస్తే రెండున్నర నెలల్లో వస్తుంది. ట్రైనింగు ఖర్చును కూడా దీనిమీదే వేస్తే మూడున్నర నెలలు. బాధ్యత మెయింటెనెన్స్ ఫోర్‌మన్‌ది, గడువు సెప్టెంబరు 20.

రెండోది ఒత్తిడిని తగ్గించి చూడటం. దీనికి ఖర్చు లేదు, కానీ లీకులు మాన్పకముందు చేయకూడదు. లీకుల వల్ల దూరపు యంత్రాల దగ్గర ఒత్తిడి ముందే పడిపోయి ఉంటుంది, ఇంకా తగ్గిస్తే ఆటోకోనర్లు మొరాయిస్తాయి. ఆ యంత్రాలు తెగిన నూలు కొసలను గాలితోనే అతుకుతాయి. దాన్నే స్ప్లైసింగ్ అంటారు. గాలి చాలకపోతే అతుకు బలహీనపడి తర్వాత నేతలో దారం తెగుతుంది. అప్పుడు కరెంటులో మిగిలిందానికంటే వెనక్కి వచ్చిన నూలు ఖరీదు ఎక్కువవుతుంది. అందుకే ఒక్కసారే బార్ తగ్గించకుండా, ముందు 7.5 నుంచి 7.2కు తగ్గించి, అన్నిటికన్నా దూరంగా ఉన్న ఆటోకోనర్ దగ్గర గేజి చూసి, వారంపాటు అతుకు బలాన్ని ల్యాబులో పరీక్షించాకే తర్వాతి అడుగు వేయాలని రాశాడు. యంత్రం తయారీదారు చెప్పిన కనీస ఒత్తిడికి కిందికి మాత్రం పోకూడదు.

మూడోది, చేయవద్దన్న సిఫారసు. శిక్షణలో ఒక కంప్రెసర్ల కంపెనీ ప్రతినిధి, అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే కొత్తరకం కంప్రెసరు గురించి గంటసేపు చెప్పాడు. ఆ రోజు మధ్యాహ్న భోజనం కూడా ఆ కంపెనీదే. యంత్రం మంచిదే. అన్‌లోడ్‌లో వృథాగా పోయే 20 కిలోవాట్లను చాలావరకు మిగులుస్తుంది. కానీ లీకులతో కలిసిన అవసరాన్ని బట్టి ఇప్పుడు కొంటే, లీకులు మాన్పాక అది మిల్లుకు పెద్దదైపోతుంది. కాబట్టి ఇప్పుడు వద్దు, అక్టోబరు పరీక్ష తర్వాత ఆలోచించవచ్చని రాశాడు. భోజనం సంగతి కూడా రాశాడు. సదస్సుల్లో విన్న మాటల్లో ఏది పాఠం, ఏది అమ్మకం అన్నది చదివేవాళ్లకు తెలియాలి. నిజం చెప్పాలంటే నివేదిక రాసినవాడి మాట మీద నమ్మకం కలిగించేది ఇలాంటి "వద్దు" అన్న సిఫారసే.

ఒక చిన్న సంగతి వీటి చివర ఉంది. నివేదిక ఇంగ్లీషులో ఉన్నా, లీకు కనబడితే ఏం చేయాలో చెప్పే ఒక పేజీ బొమ్మల కాగితం తెలుగులోను, ఒడియా, హిందీల్లోను షెడ్డులో అతికించాలన్నాడు. కోస్తా మిల్లుల్లో ఒడిశా, బిహార్ కార్మికులు చాలామంది ఉన్నారు. గొట్టం దగ్గర గంటల తరబడి నిలబడేది వాళ్లే.

అక్టోబరు 2

జాతీయ సెలవులను పరీక్ష రోజులుగా పెట్టుకోవడం మొదటి నివేదికలోనే ఉన్న ఆలోచన. గాంధీ జయంతినాడు మళ్లీ పది చక్రాలు లెక్కపెట్టారు. ఈసారి వాల్వులన్నీ తెరిచి ఉన్నాయని ముందే చూసుకున్నారు. సగటున లోడ్ 36 సెకన్లు, అన్‌లోడ్ 276 సెకన్లు. లీకు 11.5 శాతం. లక్ష్యం పదికి కొంచెం పైనే ఆగింది. పైకప్పు కింద పోయే మెయిన్ పైపు మీద ఉన్న రెండు లీకులు మిల్లు నడుస్తుండగా మాన్పడం కుదరలేదు. ఆదా 8 కిలోవాట్లు కాదు, 7.4. ఏడాదికి రూ.4.70 లక్షలు కాదు, రూ.4.35 లక్షలు.

దీన్ని కరెంటు బిల్లులో వెతకకూడదు. మిల్లు మొత్తం వాడకంలో ఇది చిన్న ముక్క. ఆ నెల కౌంటు మారినా, ఎండ పెరిగి హ్యూమిడిఫికేషన్ ప్లాంటు ఎక్కువ నడిచినా ఈ తగ్గుదల అందులో మునిగిపోతుంది. కంప్రెసరుకు విడిగా మీటరు ఉండాలి. లేకపోతే పెట్టించమనడం కూడా సిఫారసుల్లో ఉండాల్సిందే. ఇక్కడ మీటరు ఉంది. ఉత్పత్తి సమానంగా ఉన్న రోజులను మాత్రమే పోల్చి చూస్తే రోజుకు సుమారు 175 యూనిట్లు తగ్గింది. గడియారంతో వేసిన లెక్క ప్రకారం 177 తగ్గాలి. రెండూ దాదాపు కలిశాయి కాబట్టి అంకెను నమ్మవచ్చు.

లీకులు మళ్లీ వస్తాయి. గొట్టాలు ఎండుతాయి, జాయింట్లు అదురుకు వదులవుతాయి. అనుబంధం కింద అక్టోబరు అంకెలు చేర్చి, పైకప్పు పైపు మరమ్మతును తర్వాతి సెలవుకు వేసి, ఇంజనీరు ఫైలును జనరల్ మేనేజరుకు పంపాడు. తర్వాతి పరీక్ష జనవరి 26న.